రిస్క్ రిజిస్టర్‌లో కారణం, సంఘటన, ప్రభావం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఎలా విడదీసి రాయాలి?

గట్టుమీద_సూరి · మార్చి 10, రాత్రి 9:40

అందరికీ నమస్తే. గోదావరిలో తాగునీటి పథకానికి ఇన్‌టేక్ వెల్, అంటే నదిలోంచి నీళ్లు తోడే బావి, కడుతున్నాం. నేను ప్లానింగ్ చూస్తాను. మా రిస్క్ రిజిస్టర్‌ని క్లయింటు తరఫు కన్సల్టెంట్ తిప్పి పంపారు. 41 ఎంట్రీలు ఉంటే 33 పక్కన ఎర్ర పెన్నుతో ఒకటే మాట: "ఇది రిస్క్ కాదు". ఎందుకు కాదో రాయలేదు. ఫోన్ చేస్తే "కారణం, సంఘటన, ప్రభావం, బాధ్యుడు, నివారణ విడివిడిగా, అన్నీ ఒకే తీరులో రాయండి" అని పెట్టేశారు. సైట్ మీటింగ్ తెలుగులోనే జరుగుతుంది, ఫోర్‌మన్‌లు కూడా చదవాలి కాబట్టి రిజిస్టర్ తెలుగులోనే ఉంచుతున్నాం.

మచ్చుకి నాలుగు:

12) వర్షాకాలం రిస్క్. ప్రభావం: జాప్యం. బాధ్యుడు: కాంట్రాక్టర్. నివారణ: పరిస్థితిని ఎప్పటికప్పుడు గమనించాలి.

13) బావి దింపడంలో జాప్యం వల్ల పని ఆలస్యం కావడం. బాధ్యుడు: సైట్ టీమ్. నివారణ: పని వేగవంతం చేయాలి.

19) నిపుణులైన సిబ్బంది కొరత.

27) 11 కేవీ లైను మార్చడానికి అనుమతి రాలేదు.

శుక్రవారానికల్లా మళ్లీ ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది.

---

పీఎంపీ_ప్రసాద్ · రాత్రి 10:05

బ్రదర్, చాలా సింపుల్. ప్రతి ఎంట్రీ "ఫలానా దానివల్ల" అని మొదలుపెట్టండి. "ఫలానా దానివల్ల ఫలానాది జరిగి ఫలానా నష్టం". ఈ అచ్చులో పోస్తే అన్నీ ఒకే తీరులో వస్తాయి. కారణం ముందు రావాలన్నదే రూల్. మీ 13 ఆల్‌మోస్ట్ కరెక్టే, "వల్ల" ఉంది కదా. నాకు తెలిసి కన్సల్టెంట్‌కి అసలు కోపం స్కోర్ లేకపోవడం మీద. అయిదు బై అయిదు మ్యాట్రిక్స్ పెట్టండి, ఊరుకుంటారు.

---

లెక్కల_లక్ష్మి · రాత్రి 10:52

ప్రసాద్ గారు, కారణం ముందు రావాలన్నది ఒప్పుకుంటాను. కానీ నా అనుభవంలో రిజిస్టర్లను పాడుచేసేదే ఆ "వల్ల". పదమూడేళ్లుగా ఇవి చదవడమే నా పని, కోపం వస్తే క్షమించండి.

రిజిస్టర్లలో "వల్ల"కి ముందు దాదాపు ఎప్పుడూ నామవాచకమే వస్తుంది. జాప్యం వల్ల, కొరత వల్ల, సమన్వయ లోపం వల్ల. ఆ జాప్యం ఇప్పటికే జరిగిందా, జరుగుతోందా, జరగవచ్చా? నామవాచకానికి కాలం లేదు కాబట్టి ఆ మాట తెలియదు. రిస్క్ ఎంట్రీలో తెలియాల్సింది సరిగ్గా అదే. సూరి గారి 13 చూడండి. జాప్యం వల్ల ఆలస్యం అన్నారు. రెండూ ఒకటే మాట, మధ్యలో "వల్ల" ఉండటంతో కారణం, ఫలితం ఉన్నట్టు కనిపిస్తోంది.

నేను చెప్పే పద్ధతి ఇది. మూడు గడులనూ మూడు క్రియలతో ముగించండి.

కారణం గడి "ఉంది, లేదు, అయింది, జరుగుతోంది"లో దేనితోనైనా ముగియాలి. అంటే ఈరోజు సైట్‌కి వెళ్లి, లేదా ఫైలు తీసి, నిజమో కాదో చూడగలిగిన విషయం.

సంఘటన గడి "వచ్చు"తో ముగియాలి. ఇంకా జరగలేదు, జరగకుండా పోయే వీలు కూడా ఉంది.

ప్రభావం గడి "తుంది"తో ముగియాలి. సంఘటన జరిగితే తప్పకుండా వచ్చి పడేది. అక్కడ తేదీయో, డబ్బో, పరిమాణమో ఉండాలి.

ఎక్సెల్‌లో పక్కన ఒక కాలమ్ పెట్టి మూడు గడులనూ కలిపి చదవండి.

```
=B2&" కాబట్టి "&C2&"; దాంతో "&D2&"."
```

"కొరత కాబట్టి" అని వస్తే చెవికి వెంటనే తగులుతుంది. తప్పు ఏ గడిలో ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

---

గట్టుమీద_సూరి · రాత్రి 11:20

మేడమ్, ఫార్ములా పెట్టి చూశాను. 41లో 30 దాకా "కొరత కాబట్టి", "లోపం కాబట్టి", "జాప్యం కాబట్టి" అనే వస్తున్నాయి. మా ఆవిడ పక్కనుంచి చదివి నవ్వింది.

12, 13లను ఎలా మార్చాలో ఒక్కసారి చూపిస్తారా?

---

లెక్కల_లక్ష్మి · రాత్రి 11:31

మార్చాలంటే మీ బావి సంగతి తెలియాలి. ఎంత లోతు, ఎప్పుడు మొదలైంది, ఇప్పటికి ఎంత దిగింది, ఎప్పటికల్లా అయిపోవాలి? లోపల మట్టి ఏమిటి?

---

గట్టుమీద_సూరి · మార్చి 11, ఉదయం 6:15

మొత్తం 14 మీటర్లు దింపాలి. జనవరి 20న మొదలైంది. నిన్నటికి 5.9 మీటర్లు దిగింది, అంటే స్టైనింగ్‌కి, అదే బావి గోడకి, కాంక్రీటు వేసే రోజులు కూడా కలుపుకుని సగటున రోజుకి 12 సెంటీమీటర్లు. అడుగు చేరాక బావి అడుగును కాంక్రీటుతో మూసే బాటమ్ ప్లగ్ వేసి గట్టిపడనివ్వడానికి 10 రోజులు. మా కాంట్రాక్టు ప్రకారం జూన్ 15 తర్వాత నదిలో పని చేయకూడదు, మళ్లీ నవంబర్‌లోనే.

మట్టి విషయానికొస్తే, డిజైన్ సమయంలో రెండు బోర్లు వేశారు. ఒకదాంట్లో అడుగు దాకా ఇసుకే. రెండో దాంట్లో 8 మీటర్ల కింద గట్టి బంకమట్టి. బావి ఆ రెండింటికీ మధ్యలో ఉంది.

---

పాత_ఇంజినీర్ · ఉదయం 7:02

బాబూ సూరీ, చివర్లో రాశావే, అదే నీ రిస్క్. వర్షాకాలం రిస్క్ కాదయ్యా. వర్షాకాలం ఏటా వస్తుంది, దాంట్లో అనుమానం ఏముంది? 8 మీటర్ల కింద ఇసుకా, బంకా అన్నది నీకు తెలియదు. రిజిస్టర్‌లోకి ఎక్కాల్సింది అది.

బంకలో మట్టి తోడే గ్రాబ్ సరిగ్గా కరవదు, కర్బ్ కింద మట్టి అంటుకుని బావి కూర్చోదు. నేను చూసిన బావుల్లో అలాంటి చోట రోజుకి 8 సెంటీమీటర్లు దిగితే గొప్ప. నీ సైట్‌లో ఎంత దిగుతుందో నీ ఫోర్‌మన్‌ని అడుగు, నా అంకెను గుడ్డిగా వేసుకోకు.

---

లెక్కల_లక్ష్మి · ఉదయం 8:10

పెద్దాయన సరిగ్గా పట్టుకున్నారు. ఆ 8 తీసుకునే లెక్క వేస్తాను, అంకె మారితే మీరు మార్చుకోండి.

8 మీటర్ల దాకా ఇంకా 2.1 ఉంది, ఇసుకే కాబట్టి సుమారు 18 రోజులు. మార్చి 28కి 8 మీటర్లు. తర్వాత 6 మీటర్లు మిగులుతుంది. ఇసుక అయితే 50 రోజులు, మే 17. ప్లగ్‌తో కలిపి మే 27, హాయిగా గట్టెక్కుతారు. బంక అయితే 75 రోజులు, జూన్ 11. ప్లగ్‌తో జూన్ 21. గడువు దాటి ఆరు రోజులు. ఆరు రోజులకి పోయేది ఆరు రోజులు కాదు, నవంబర్ దాకా దాదాపు అయిదు నెలలు.

ఇప్పుడు రాద్దాం.

కారణం: 8 మీటర్ల కింద ఒక బోరులో ఇసుక, ఇంకో బోరులో గట్టి బంకమట్టి ఉన్నాయి, బావి స్థానంలో బోరు వేయలేదు.

సంఘటన: 8 మీటర్ల తర్వాత బావి దిగే వేగం రోజుకి 8.7 సెంటీమీటర్ల కంటే తగ్గవచ్చు.

ప్రభావం: జూన్ 15లోగా బాటమ్ ప్లగ్ పూర్తికాక పని నవంబర్‌కి వాయిదా పడుతుంది, పథకం సుమారు 5 నెలలు వెనక్కి జరుగుతుంది.

8.7 ఎక్కడిదంటే, ప్లగ్‌కి 10 రోజులు పోగా జూన్ 5కి బావి అడుగు చేరాలి. మార్చి 28 నుంచి 69 రోజులు. 6 మీటర్లను 69తో భాగిస్తే 8.7. సంఘటనలో ఆ అంకె ఉంటే అది జరిగిందో లేదో ఫోర్‌మన్ రోజూ టేపు పట్టి చెప్పగలడు. "జాప్యం కావచ్చు" అని రాస్తే ఎప్పుడు జరిగినట్టో ఎవరికీ తెలియదు.

12, 13 రెండూ ఇందులో కలిసిపోయాయి. వర్షాకాలం సంఘటనలో లేదు, ప్రభావంలో గడువుగా ఉంది. దాని చోటు అదే.

---

డల్లాస్_దీప · ఉదయం 8:45

మంచి టాపిక్. మాది పేరోల్ మైగ్రేషన్ ప్రాజెక్ట్. మా రిజిస్టర్‌లో నంబర్ వన్ రిస్క్ ఇలా ఉంది: "కీలక డెవలపర్ వెళ్లిపోవడం వల్ల నాలెడ్జ్ లాస్". ఆయన పోయిన నెల వెళ్లిపోయారు. ఇంకా రెడ్‌లోనే ఉంది, ప్రతి వారం చదువుతున్నాం. నివారణ గడిలో "రిటెన్షన్ ప్లాన్" అని ఉంది! దీన్ని హై నుంచి వెరీ హైకి మార్చాలా?

---

లెక్కల_లక్ష్మి · ఉదయం 9:20

దీప గారు, స్కోరు మార్చడం కాదు, అది రిజిస్టర్‌లోంచే వెళ్లాలి. జరిగిపోయింది కాబట్టి ఇష్యూ లాగ్‌లోకి. సూరి గారి 27 కూడా అంతే. అనుమతి రాలేదు అన్నది ఇవాళ్టి సమస్య, దాన్ని ఎవరో ఇవాళే పట్టుకోవాలి.

అయితే జరిగిపోయిన సంగతి తరచూ ఇంకో రిస్క్‌కి కారణం అవుతుంది. మీ దగ్గర: "పన్ను లెక్కల కోడ్ రాసిన డెవలపర్ వెళ్లిపోయారు, ఆ నియమాలు ఎక్కడా రాసి లేవు" అన్నది కారణం. "కొత్త సిస్టమ్‌లో మొదటి జీతాల రన్‌లో మినహాయింపులు తప్పు రావచ్చు" సంఘటన. అప్పుడు నివారణ రిటెన్షన్ ప్లాన్ కాదు, పాత సిస్టమ్, కొత్త సిస్టమ్ రెండింట్లో రెండు నెలల జీతాలు నడిపి పోల్చడం.

---

డల్లాస్_దీప · ఉదయం 9:34

ఓహ్. పేరలల్ రన్‌ని బడ్జెట్ లేదని తీసేశాం. ఈ వాక్యం చూపిస్తే తిరిగి ఇస్తారేమో.

---

క్యూఏ_కిరణ్ · ఉదయం 11:15

లక్ష్మి గారూ, "వచ్చు"తో నాకో ఇబ్బంది. మా రిజిస్టర్‌లో "సబ్ కాంట్రాక్టర్ పని మధ్యలో ఆపవచ్చు" అని రాశాం. సబ్ కాంట్రాక్టర్ అది చదివి మీటింగ్‌లో "ఆపవచ్చని మీరే రాసుకున్నారుగా" అన్నాడు. సగం జోకే, సగం కాదు. తెలుగులో "వచ్చు" అంటే వీలుందనీ, అనుమతి ఉందనీ రెండు అర్థాలు. మేము "ఆపే ప్రమాదం ఉంది" అని మార్చాం.

---

లెక్కల_లక్ష్మి · మధ్యాహ్నం 12:40

ఇది నాకూ తగిలిన రాయే. వస్తువుకో, నదికో, యంత్రానికో అయితే "వచ్చు"లో గందరగోళం లేదు. "వేగం తగ్గవచ్చు" అంటే బావికి మనం అనుమతి ఇస్తున్నామని ఎవరూ అనుకోరు. కర్త మనిషైతేనే చిక్కు. కానీ "ప్రమాదం ఉంది" అంటే వాక్యం "ఉంది"తో ముగిసి, కారణంలా కనిపిస్తుంది. నేనైతే వాక్యాన్ని తిప్పేస్తాను: "సబ్ కాంట్రాక్టర్ పని మధ్యలో ఆగిపోవచ్చు".

---

క్యూఏ_కిరణ్ · మధ్యాహ్నం 12:58

అలా తిప్పితే ఆపేది ఎవరో మాయమవుతుంది కదండీ. నాకు "ప్రమాదం ఉంది"యే నయం అనిపిస్తోంది. రిజిస్టర్ మొత్తం అలాగే రాస్తే ఒకే తీరు అన్న షరతు కూడా తీరుతుంది.

---

పీఎంపీ_ప్రసాద్ · మధ్యాహ్నం 1:30

సరే, "వల్ల" సంగతి ఒప్పుకున్నాను. ఓనర్ విషయంలో మాత్రం నాది కరెక్ట్ అనుకుంటున్నా. పని చేసేవాడే ఓనర్. బావి దింపేది ఫోర్‌మన్, ఫోర్‌మన్ పేరు రాసేయండి. "కాంట్రాక్టర్", "సైట్ టీమ్" అంటే ఎవరూ కాదు.

---

పాత_ఇంజినీర్ · మధ్యాహ్నం 2:15

చివరి మాట వరకూ నిజం. మొదటి మాట కాదు. వేగం పడిపోయిందనుకో, రెండో క్రేన్, రెండో గ్రాబ్ అద్దెకి తేవాలి. ఫోర్‌మన్ తేగలడా? సంతకం ఎవరిది? ఆ సంతకం పెట్టేవాడే బాధ్యుడు. ఫోర్‌మన్ రోజూ కొలిచి చెప్పేవాడు.

---

లెక్కల_లక్ష్మి · మధ్యాహ్నం 2:50

ప్రిన్స్2 అనే ప్రాజెక్ట్ నిర్వహణ పద్ధతిలో ఈ ఇద్దరికీ వేర్వేరు పేర్లే ఉన్నాయి, రిస్క్ ఓనర్ ఒకరు, రిస్క్ యాక్షన్ ఓనర్ ఒకరు. ఆ పేర్లతో పని లేదు, సూరి గారు బాధ్యుడి గడిలో ఒక్క మనిషిని రాసి, నివారణ వాక్యంలో చేసేవాళ్లను రాస్తే చాలు. హోదా, పేరు రెండూ రాయండి. పేరు ఒక్కటే ఉంటే బదిలీ అయిన మర్నాడు అనాథ అవుతుంది. హోదా ఒక్కటే ఉంటే ఎవరూ తనదనుకోరు.

నివారణకి నా పరీక్ష ఒకటే. అది సంఘటన జరిగే అవకాశాన్ని తగ్గిస్తోందా, జరిగాక ప్రభావాన్ని తగ్గిస్తోందా? రెంటిలో దేనికీ గీత గీయలేకపోతే అది నివారణ కాదు. "గమనించాలి", "సమన్వయం చేసుకోవాలి", "వేగవంతం చేయాలి" ఈ పరీక్షలో నిలవవు. గమనించడం పనికొస్తుంది, కానీ ఏ అంకె కనపడితే ఏం చేస్తామో పక్కన ఉంటేనే. ఇది మీ సైట్‌కి ఎలా ఉంటుందో మీరే రాయండి, చూస్తాను.

---

గట్టుమీద_సూరి · సాయంత్రం 7:45

ఇదిగో ప్రయత్నం. మా ఫోర్‌మన్ కూడా బంకలో 8 అనే అన్నాడు.

బాధ్యుడు: ప్రాజెక్ట్ మేనేజర్ (ఫలానా పేరు).

నివారణ, ముందుగా: రెండో క్రేన్, గ్రాబ్‌లకి మార్చి 25లోగా ప్రాజెక్ట్ మేనేజర్ అద్దె ఒప్పందం చేసుకుంటారు, 7 రోజుల నోటీసుతో సైట్‌కి వచ్చేలా.

నివారణ, సూచన కనపడితే: 8 మీటర్లు దాటాక ఏడు రోజుల సగటు 9 సెంటీమీటర్ల కంటే తగ్గితే ఫోర్‌మన్ ఆరోజే చెబుతాడు, మేనేజర్ రెండో క్రేన్ పిలుస్తారు, సైట్ ఇంజినీర్ వాటర్ జెట్టింగ్ మొదలుపెడతారు.

జరిగిపోతే: జూన్ 5కి అడుగు చేరేలా లేకపోతే స్టైనింగ్‌ను వరద మట్టానికి పైదాకా లేపి, లోపల ఇసుక నింపి ఆపేస్తాం.

---

పాత_ఇంజినీర్ · రాత్రి 8:20

బాగుంది. ఒక్కటి మర్చిపోయావు, అన్నిటికంటే చవకది. నీకున్న అనుమానం 8 మీటర్ల కింద ఏముందని. చూస్తే పోలా? పని రెండు రోజులు ఆపి, బావి లోపల తెప్ప మీద రిగ్ పెట్టి మధ్యలో ఒక బోరు దించు. క్రేన్ అద్దె కంటే తక్కువలో పోతుంది.

---

పీఎంపీ_ప్రసాద్ · రాత్రి 8:41

బోరు వేస్తే బంక ఇసుక అయిపోదు కదా సార్. అది రిస్క్‌ని ఎలా తగ్గిస్తుంది? లక్ష్మి గారి గీత పరీక్షలో ఫెయిల్.

---

లెక్కల_లక్ష్మి · రాత్రి 9:05

మంచి పట్టే పట్టారు. అది సంఘటననీ ప్రభావాన్నీ తాకదు, కారణం గడిలో "వేయలేదు" అన్న ముక్కని తాకుతుంది. ఇసుక అని తేలితే ఎంట్రీ మూసేస్తాం, క్రేన్ డబ్బు మిగులుతుంది. బంక అని తేలితే నోటీసు కోసం ఆగకుండా మొదటి రోజే క్రేన్ వస్తుంది. నా పరీక్షలో రెండు గీతలు అన్నాను, మూడో గీతకి చోటివ్వాలి.

సూరి గారు, 19ని మర్చిపోకండి. "సిబ్బంది కొరత" అని వదిలేయకుండా ఏ పనికి, ఎంతమంది, ఎప్పటికి అని రాయండి. రాయలేకపోతే దాన్ని తీసేయండి. 41 ఉండాలని ఏమీ లేదు.

---

గట్టుమీద_సూరి · మార్చి 13, సాయంత్రం 5:10

19 రాయడానికి కూర్చుంటే బాటమ్ ప్లగ్‌కి డైవర్లు ఇద్దరు కావాలి, ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదన్న ఒక్క సంగతే తేలింది. అదే రాశాను. 41 కాస్తా 17 అయ్యాయి. 6 ఇష్యూ లాగ్‌లోకి వెళ్లాయి, మిగతావి ఒకదాన్నే రెండుమూడు సార్లు రాసినవి. కన్సల్టెంట్ 17లో 15 ఒప్పుకున్నారు. మిగతా రెండింట్లో ప్రభావం దగ్గర "నాణ్యత దెబ్బతింటుంది" అని ఉంది, ఎంత అని అడిగారు.

---

గట్టుమీద_సూరి · మార్చి 21, రాత్రి 9:30

బావి లోపల బోరు అయింది. బంక ఉంది, కానీ 10.5 మీటర్ల కింద. లెక్క వేశాను: 8 నుంచి 10.5 దాకా ఇసుకలో 21 రోజులు, మిగతా 3.5 మీటర్లు బంకలో 44 రోజులు, మొత్తం 65. మన దగ్గర 69 ఉన్నాయి. బోరు కోసం ఆపిన 2 రోజులు తీసేస్తే మిగులు 2 రోజులు. ఒక్క రోజు క్రేన్ చెడినా సగం పోతుంది.

ఇప్పుడు ఈ ఎంట్రీని మూసి కొత్త నంబరుతో రాయాలా, ఇదే సరిదిద్దాలా? సంఘటనలోని 8 మీటర్లు, 8.7 రెండూ మారతాయి.

---

లెక్కల_లక్ష్మి · రాత్రి 10:15

నంబరు అదే ఉంచండి. కారణం "బావి స్థానంలో 10.5 మీటర్ల కింద గట్టి బంకమట్టి ఉంది, గడువుకి 2 రోజులే మిగులు ఉంది" అవుతుంది. 10.5 కింద ఇప్పుడు మీకున్నవి 46 రోజులు, కాబట్టి హద్దు 7.6 సెంటీమీటర్లు. సూచన అంకెని కూడా 9 నుంచి 8కి దించండి. పాత వాక్యం చెరపకండి, తేదీ వేసి కింద ఉంచండి.

---

క్యూఏ_కిరణ్ · రాత్రి 10:40

నేనైతే కొత్త నంబరు ఇస్తాను. కారణం మారితే రిస్క్ మారినట్టే. పాతది "తెలియకపోవడం", అది తీరిపోయింది. ఇది "తెలిసిన బంకలో వేగం".

---

పాత_ఇంజినీర్ · రాత్రి 10:58

నంబరు మీరిద్దరూ తేల్చుకోండి. సూరీ, క్రేన్‌కి రేపు పొద్దున్నే ఫోన్ చేయి. సూచన అంకె కనపడ్డాక 7 రోజుల నోటీసు అంటే నీ దగ్గర ఉన్నవి రెండు రోజులే.